నైట్ డ్యూటీ వద్దని డాక్టర్ చెప్తే ఆ కారణాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి

డాక్టర్ నైట్ డ్యూటీ వద్దన్నాక చాలామంది చేసేది ఒకటే, ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి పంపేసి "సార్, డాక్టర్ నైట్స్ వద్దన్నారు" అని ఒక మెసేజ్ పెట్టేస్తారు. అక్కడి నుంచి కథ రెండు రకాలుగా నడుస్తుంది. ఆ చీటీలో ఏమీ లేకపోతే "అందరికీ ఏదో ఒక ప్రాబ్లం ఉంటుందమ్మా" అనే మాట వస్తుంది. అన్నీ ఉంటే, అంటే జబ్బు పేరు, మందుల లిస్టు, స్కాన్ రిపోర్టు అన్నీ ఉంటే, సాయంత్రానికి ఫ్లోర్ మొత్తానికి తెలిసిపోయి ఉంటుంది, పైగా "ఇంత ఉంటే అసలు పగలు మాత్రం ఎలా చేస్తున్నారు" అనే కొత్త ప్రశ్న కూడా పుడుతుంది. ఈ రెండిటి మధ్యలో సరిగ్గా ఎంత రాయాలి, ఏ మాటల్లో రాయాలి అన్నదే ఇక్కడ చూడబోయేది. ఊరికే గాల్లో మాట్లాడితే అర్థం కాదు కాబట్టి ఒక కేసు పట్టుకుని పోదాం.

ఒక ప్లాంట్‌లో క్వాలిటీ ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నారనుకోండి. మూడు షిఫ్టులు, ఉదయం 6 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 10, రాత్రి 10 నుంచి 6, వారానికోసారి మారుతుంటాయి. ఆమెకి టీనేజ్‌లో ఫిట్స్ వచ్చాయి, మందులతో కంట్రోల్‌లోనే ఉన్నాయి, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే మొన్నటిదాకా జనరల్ షిఫ్టే. రోస్టర్‌లో నైట్స్ మొదలయ్యాక, డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుని లేచిన వెంటనే చేతులు ఉలిక్కిపడ్డట్టు కొట్టుకోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం మొదలైంది. రెండో నైట్ వారంలో ఇంట్లో పూర్తిగా ఫిట్స్ వచ్చింది. కొన్ని రకాల ఎపిలెప్సీలో ఇది బాగా తెలిసిన విషయమే, నిద్ర తెగితే లేచిన కాసేపటికి ఈ కుదుపులు వస్తాయి, ఆ తర్వాత పెద్ద ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటుంది.

డాక్టర్ ఏం రాశారంటే, "ఎపిలెప్సీకి చికిత్స తీసుకుంటున్నారు. నైట్ డ్యూటీ, స్ట్రెస్ అవాయిడ్ చేయాలని, తగినంత రెస్ట్ తీసుకోవాలని సలహా ఇవ్వడమైనది." వైద్యపరంగా ఇందులో తప్పేం లేదు. కానీ ఈ కాగితం హెచ్చార్ టేబుల్ మీదికి వెళ్ళాక ఎలా చదవబడుతుందో చూడండి. "సలహా" అంటే పాటించినా పాటించకపోయినా ఫర్లేదన్నట్టు. "అవాయిడ్" అంటే వీలైతే వద్దు, మనుషులు తక్కువైన రోజు పర్లేదు అన్నట్టు. "రెస్ట్" అన్న మాట కనిపించగానే లీవ్ పెట్టుకోమంటారు, ఆమె అడిగింది లీవ్ కాదు కదా. ఇక "స్ట్రెస్" అన్నదైతే అన్నిటికంటే ప్రమాదం, స్ట్రెస్ లేని ఉద్యోగం ఏ ప్లాంట్‌లోనూ లేదు, అది పట్టుకుంటే మీకు ఇక్కడ సరిపోయే పోస్టే లేదని చెప్పడానికి దారి తెరిచినట్టే. మొదటి మాటగా జబ్బు పేరు ఉంది కాబట్టి చదివేవాళ్ళ కళ్ళు అక్కడే ఆగిపోతాయి, నైట్‌కీ ఆ జబ్బుకీ లింకు ఏంటో మాత్రం ఎక్కడా లేదు, పగలు పని చేయగలరా లేదా అన్నదీ లేదు, ఎప్పటివరకూ అన్నదీ లేదు.

ఇందులో డాక్టర్‌ని అనడానికి ఏం లేదు నిజానికి. క్లినిక్‌లో ఆయన ముందు రోస్టర్ లేదు, నైట్ అంటే ఎన్ని గంటలు, వారానికోసారి మారుతుందా, మధ్యలో ఎన్ని ఆఫ్‌లు అన్నవి ఆయనకి తెలీవు. అందుకే అసలు పని డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందే మొదలవుతుంది. గత రెండు మూడు నెలల రోస్టర్, పక్కనే ఏ రోజు ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ రోజు కుదుపులు వచ్చాయి, ఆ రోజు మందు టైముకి వేసుకున్నారా లేదా అన్నది ఒక పేజీలో రాసి తీసుకెళ్ళాలి. ఆ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా ముఖ్యం, ఎందుకంటే నైట్ చేసేటప్పుడు తిండి, నిద్ర టైములు తలకిందులై డోసులు మిస్సవడం మామూలే, ఫిట్స్ డోస్ మిస్సయి వచ్చిందా నిద్ర చాలక వచ్చిందా అన్నది తేలకుండా సర్టిఫికెట్ రాస్తే, "మందులు సరిగ్గా వేసుకుంటే సరిపోతుందిగా" అన్న ఒక్క ప్రశ్నకి అది కూలిపోతుంది. ఆమె పేజీలో డోసులు మిస్సవలేదు, కుదుపులు వచ్చిన ప్రతిసారీ అంతకుముందు రోజు నిద్ర నాలుగు గంటల లోపే, జనరల్ షిఫ్ట్ వారాల్లో ఒక్కటీ లేదు. ఇప్పుడు డాక్టర్‌కి కూడా గట్టిగా రాయడానికి ఆధారం దొరికింది.

ఇక కారణం విషయానికొద్దాం. చాలా దరఖాస్తులు ఇక్కడే తప్పు దారి పడతాయి, ఎందుకంటే నైట్ వద్దనడానికి నాలుగైదు కారణాలు చేతికి దొరుకుతాయి, వినడానికి అన్నీ నిజంలాగే ఉంటాయి, కానీ అన్నీ పనికిరావు.

ఒకటి, నైట్ షిఫ్ట్ ఎవరికైనా ఆరోగ్యానికి మంచిది కాదన్న వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే, మళ్ళీ 2019లో కూడా, నైట్ షిఫ్ట్ పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి గ్రూపులో పెట్టింది. అది నిజమే, కానీ దాన్ని లెటర్‌లో పెడితే ఆ లెటర్ బలహీనపడుతుంది. అది అందరికీ వర్తించే మాట కదా, అందరికీ వర్తించేది చెప్పి ఒక్కరికి మినహాయింపు అడిగితే మేనేజర్ ఏమంటాడు, మిగతావాళ్ళు మనుషులు కాదా అంటాడు. ఈమె శరీరంలో మిగతావాళ్ళకి లేనిది ఏముంది, దానివల్ల నైట్ ఈమెకి ఎలా వేరుగా పనిచేస్తుంది అన్నదే కావాలి.

రెండోది మందుల వల్ల మగత వస్తోంది అని రాయడం. ఇది రాసేవాళ్ళు చాలామంది, తేలిగ్గా అర్థమవుతుందని. కానీ మగత పగలు రాదా? రెండు పూటలా వేసుకునే మందు అయితే పొద్దున డోస్ తర్వాత కూడా వస్తుందిగా. యాసిడ్ బాటిళ్ళు పట్టుకునే ల్యాబ్‌లో మగతగా ఉండే మనిషిని పగలు మాత్రం ఎందుకు పెట్టాలి అన్నది సేఫ్టీ వాళ్ళకి న్యాయమైన ప్రశ్న. నిజంగా మగత ఉంటే దాచకూడదు, అది వేరే సంగతి, కానీ లేనిదాన్ని సులువుగా ఉందని రాస్తే ఉన్న ఉద్యోగానికే ఎసరు. మందు వేసుకునే టైమింగ్ కుదరదన్నది కూడా అంతే, పన్నెండు గంటల తేడాతో వేసుకునే మందుని నైట్‌లో ఒక డోస్ అలారం పెట్టుకుని వేసుకోవచ్చు కదా అంటే జవాబుండదు.

మూడోది, ఈ జబ్బు నైట్ డ్యూటీ వల్లే వచ్చిందనడం. కోపంలో రాసేస్తుంటారు. వచ్చింది అనడం వేరు, ఉన్నది ఎక్కువవుతోంది అనడం వేరు. మొదటిది కంపెనీ మీద ఆరోపణ, అది పరిహారం, లాయర్లు, మెడికల్ బోర్డు దారి, రోస్టర్ మార్చడానికి ఇన్‌చార్జ్ చేతిలో ఉన్న అధికారానికి దానితో సంబంధం లేదు, భయపడి ఫైలు పైకి పంపేస్తాడు, నెలలు పోతాయి. ఆ దారిలో వెళ్ళాల్సిన కేసులు ఉంటాయి, కాకపోతే రోస్టర్ అడిగే లెటర్‌లో దాన్ని కలపకూడదు. ఈమె విషయంలో అది నిజం కూడా కాదు, జబ్బు ముందునుంచీ ఉంది.

మిగిలింది అసలు కారణం, నిద్ర. ఈమెకి నిద్ర తెగడమే జబ్బుని లేపుతుంది. దీనికి వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న "పగలు పడుకోవచ్చు కదా" అన్నది, కాబట్టి లెటర్‌లోనే దానికి ఒక వాక్యం జవాబు ఉండాలి. ఒంట్లో గడియారం వెలుతురుని బట్టి నడుస్తుంది, పగలు పడుకున్న నిద్ర మామూలుగా రాత్రి నిద్రకంటే తక్కువసేపు ఉంటుంది, మధ్యమధ్యలో తెగుతుంది. వారానికోసారి షిఫ్ట్ మారుతుంటే శరీరం అలవాటు పడేలోపే మళ్ళీ మారిపోతుంది. మామూలు మనిషికి ఆ నిద్ర లోటు చిరాకు, తలనొప్పి, ఈమెకి ఫిట్స్. తేడా అక్కడుంది, అదే కాగితం మీద కనపడాలి.

జబ్బు పేరు రాయాలా వద్దా అన్నది అందరూ అడిగేది. ఇక్కడ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో నైట్ వర్క్ మీద చేసిన ఒప్పందం, 171వ నంబర్ది, ఒక మంచి గీత గీసింది. నైట్ చేసేవాళ్ళు కోరితే ఉచితంగా హెల్త్ చెకప్ ఉండాలంటుంది, ఆ చెకప్‌లో తేలినవి ఉద్యోగి ఒప్పుకోకుండా వేరేవాళ్ళకి చెప్పకూడదు, ఒక్క విషయం తప్ప, ఆ ఒక్కటి ఏంటంటే "ఈ మనిషి నైట్ పనికి అన్‌ఫిట్" అన్న ముక్క. అలా తేలినవాళ్ళని వీలైనంతవరకు వాళ్ళు చేయగలిగే అలాంటి పనికే మార్చాలని కూడా ఉంది. ఈ ఒప్పందాన్ని ఆమోదించిన దేశాలు కొన్నే, అది లేనిచోట దాన్ని చూపించి హక్కుగా అడగలేం. అయినా పద్ధతిగా మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది, రోస్టర్ వేసే మనిషికి ఫలితం చాలు, డయాగ్నసిస్ అక్కర్లేదు.

కంపెనీకి డాక్టర్ ఉంటే దారి సులువు, జబ్బు పేరు, రిపోర్టులు అన్నీ ఆ డాక్టర్‌కి మాత్రమే, కవర్‌లో పెట్టి నేరుగా ఇవ్వాలి, ఆయన ఇన్‌చార్జ్‌కి "నైట్‌కి అన్‌ఫిట్, మిగతా షిఫ్టులకి ఫిట్" అని ఒక లైన్ పంపుతారు. కంపెనీ డాక్టర్ లేని చోట మధ్యస్థంగా "దీర్ఘకాలంగా చికిత్సలో ఉన్న నాడీ సంబంధ సమస్య" అని రాయించుకోవచ్చు. అంతకంటే తగ్గిస్తే, "అనారోగ్య కారణాల వల్ల" అని వదిలేస్తే, బరువు ఉండదు. అంతకంటే పెంచితే వెనక్కి తీసుకోలేం, చెప్పిన పేరుని మళ్ళీ చెప్పనట్టు చేయడం కుదరదు కదా, కాబట్టి తక్కువతో మొదలుపెట్టి అడిగితే ఒక మెట్టు ఎక్కడం మంచిది.

కాకపోతే దీనికి ఒక హద్దు ఉంది, మొహమాటం లేకుండా చెప్పాల్సిన హద్దు. డ్రైవింగ్, క్రేన్, ఎత్తు మీద పని, తిరిగే మెషిన్ల దగ్గర ఒంటరి డ్యూటీ లాంటివాటిలో ఉన్నవాళ్ళు ఫిట్స్ సంగతి దాచి నైట్ ఒక్కటే తప్పించుకుందాం అనుకుంటే కుదరదు, అక్కడ ప్రమాదం పగలు కూడా ఉంది, పక్కవాళ్ళకి కూడా ఉంది. ఆ ఉద్యోగాల్లో ఫిట్‌నెస్ చూసే డాక్టర్‌కి పూర్తిగా చెప్పాల్సిందే, చాలాచోట్ల చట్టం కూడా అడుగుతుంది. మన టెక్నీషియన్‌కి ఆ చిక్కు కొంచెం తక్కువ, ఆమె పని టేబుల్ దగ్గర శాంపిల్స్ టెస్ట్ చేయడం, పగలు ల్యాబ్‌లో ఇంకో ఇద్దరు ఉంటారు, నైట్‌లో మాత్రం ఒక్కరే. ఈ ఒంటరిగా ఉండడం అన్నది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన పాయింటే, కెమికల్స్ పట్టుకునే పని పగలు చేయొచ్చా అన్నది కూడా ఆయన్నే సూటిగా అడిగేయాలి. చాలామంది ఆ ప్రశ్న అడగడానికి భయపడి వదిలేస్తారు, తర్వాత అదే ప్రశ్న సేఫ్టీ ఆఫీసర్ అడుగుతాడు.

ఇంకొకటి, నైట్ అంటే ఏంటో రాయకపోవడం వల్ల వచ్చే గొడవ. "నైట్ షిఫ్ట్ వద్దు" అని రాయించుకున్నారు, సంతోషం, తర్వాతి వారం మధ్యాహ్నం షిఫ్ట్ వేసి రిలీవర్ రాలేదని రాత్రి ఒంటిగంట దాకా ఓటీలో ఉంచారు. నైట్ షిఫ్ట్ వేయలేదుగా అంటారు. లేదా ఉదయం 6 షిఫ్ట్ వేశారు, కంపెనీ బస్ 4:30కి వస్తుంది, 3:30కి లేవాలి. నిద్ర అక్కడా పోయింది. అందుకే షిఫ్ట్ పేరు బదులు గంటలు రాయాలి, ఈమెకి రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా నిద్రకి వదలాలి అని డాక్టర్ అనుకుంటే ఆ గంటలే రాయించుకోవాలి. అలా రాస్తే ఉదయం 6 షిఫ్ట్ కూడా పోతుంది, అది పోవడం వైద్యపరంగా నిజంగా అవసరమా, లేక త్వరగా పడుకుంటే సరిపోతుందా అన్నది డాక్టర్‌తో తేల్చుకోవాలి. అవసరం లేకపోతే అడగకపోవడమే మంచిది, ఎంత తక్కువ కోత అడిగితే ఒప్పుకునే అవకాశం అంత ఎక్కువ. ఈమె విషయంలో 9:30కి పడుకుని 4:30కి లేచిన రోజుల్లో ఇబ్బంది రాలేదని ఆమె రాసుకున్న పేజీలోనే ఉంది, పైగా సొంత బండి మీద కాకుండా ఇంట్లోవాళ్ళు దింపుతారు కాబట్టి బస్ టైము గొడవ లేదు, అందుకని ఉదయం షిఫ్ట్ ఉంచేశారు.

ఇవన్నీ పెట్టి రెండోసారి రాయించుకున్న సర్టిఫికెట్ ఇలా ఉంది.

> "వీరు దీర్ఘకాలంగా నా చికిత్సలో ఉన్నారు. వీరికున్న నాడీ సంబంధ సమస్య మందులతో అదుపులో ఉంది, అయితే రాత్రి నిద్ర తగ్గినప్పుడు తిరగబెడుతుంది. ఇటీవలి నైట్ షిఫ్టుల తర్వాత అలా జరిగినట్టు పరీక్షించి నిర్ధారించాను. పగటి నిద్ర దీనికి సరిపడా ప్రత్యామ్నాయం కాదు. కాబట్టి రాత్రి 10:30 నుంచి ఉదయం 5 గంటల మధ్య వీరిని డ్యూటీకి, ఓవర్‌టైమ్‌కి, ఆన్‌కాల్‌కి నియమించరాదు. ఈ సమయం మినహా ప్రస్తుత ఉద్యోగ బాధ్యతలకు ఫిట్. ఈ పరిమితి నేటి నుంచి 6 నెలలు, ఆ తర్వాత తిరిగి పరీక్షించి చెప్పబడును."

మొదటిదానికంటే ఇది పొడవే, కానీ అసలు తేడా పొడవులో లేదు. తేడా అంతా వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడవడంలో ఉంది, సమస్య, అది దేనివల్ల లేస్తుంది, నైట్ దానికి ఎలా దారి తీస్తుంది, అందుకని ఏ గంటలు వద్దు, మిగతావి ఓకే. "ఫిట్" అన్న ఆ వాక్యం మర్చిపోతే మిగతాది ఎంత బాగున్నా ప్రమాదమే, అది లేని కాగితాన్ని మొత్తానికే అన్‌ఫిట్ అని చదవడం చాలా సులువు. 10:30 ఎందుకంటే మధ్యాహ్నం షిఫ్ట్ 10కి అయిపోయాక చార్జ్ అప్పగించడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, 10 అని గీత గీస్తే ఆ షిఫ్ట్ కూడా వేయకూడదని ఎవరో వాదిస్తారు. ఆ షిఫ్ట్ వారంలో ఇంటికెళ్ళి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది, కాకపోతే పొద్దున ఆలస్యంగా లేవొచ్చు, డాక్టర్ అది సరేనన్నారు. 6 నెలలు అన్నది కూడా ఆలోచించి పెట్టిందే, "జీవితాంతం" అని రాస్తే హెచ్చార్ ఉద్యోగ షరతుల వైపు చూడడం మొదలుపెడుతుంది, "2 వారాలు" అని రాస్తే మళ్ళీ మళ్ళీ తిరగాలి, ప్రతిసారీ అనుమానం పెరుగుతుంది.

దాంతో పాటు ఉద్యోగి రాసే లెటర్ ఇంకా చిన్నగా ఉండాలి. వైద్యం గురించి మళ్ళీ సొంత మాటల్లో రాయకూడదు, ఎందుకంటే డాక్టర్ ఒకటి రాసి ఉద్యోగి ఇంకొకటి రాస్తే ఆ తేడానే పట్టుకుంటారు. పిల్లలు చిన్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, దూరం నుంచి వస్తున్నాను అన్నవి నిజమైనా ఇందులో కలపకూడదు, కలిపితే అసలు కారణం అదేనేమో, జబ్బు సాకేమో అనిపిస్తుంది.

> "జతచేసిన సర్టిఫికెట్ ప్రకారం రాత్రి 10:30 నుంచి ఉదయం 5 వరకు డ్యూటీ నుంచి 6 నెలలు మినహాయింపు కోరుతున్నాను. ఉదయం, మధ్యాహ్నం షిఫ్టులు రెండూ రొటేషన్‌లో చేయగలను. నా వంతు నైట్స్‌కి బదులు ఆదివారం మధ్యాహ్నం షిఫ్టులు తీసుకోవడానికి సిద్ధం. వైద్య వివరాలు ఇంకా అవసరమైతే కంపెనీ డాక్టర్‌కి మాత్రమే ఇవ్వగలను, ఈ కాగితాలు రోస్టర్‌కి అవసరమైనవారికి మించి చూపించవద్దని మనవి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

ఆదివారం మధ్యాహ్నాల మాట ఊరికే పెట్టింది కాదు. ఒకరు నైట్స్ మానితే ఆ భారం తోటివాళ్ళ మీదే పడుతుంది, ఇన్‌చార్జ్‌కి భయం రోగం గురించి ఉండదు, రేపు ఇంకో ముగ్గురు ఇలాగే వస్తారని, మిగతావాళ్ళు గొడవ చేస్తారని. ఎవరూ ఇష్టపడని వేరే షిఫ్టుని ఎదురు ఇస్తే ఆయన చేతిలో తోటివాళ్ళకి చెప్పడానికి ఒక మాట ఉంటుంది. నైట్ అలవెన్స్ పోతుంది, అది పోతుందని ముందే ఒప్పుకుని కూర్చోవాలి, నైట్ చేయకుండా అలవెన్స్ కూడా అడిగితే అంతవరకూ నమ్మినవాళ్ళు కూడా నమ్మడం మానేస్తారు.

ఎక్కడ దెబ్బతింటాయో కూడా చెప్పుకోవాలి. కొత్త రోస్టర్ బోర్డు మీద పెట్టిన మర్నాడే తేదీ ఉన్న సర్టిఫికెట్, అదీ ఎప్పుడూ చూపించుకోని డాక్టర్ దగ్గర్నుంచి తెచ్చింది, ఎంత నిజమైనా అబద్ధంలా కనపడుతుంది, అందుకే చూపించుకుంటున్న డాక్టర్ దగ్గరే, "దీర్ఘకాలంగా నా చికిత్సలో" అన్న మాటతో రాయించుకోవాలి. మినహాయింపు వచ్చాక పండగ ముందు డబ్బులకి ఆశపడి ఒక డబుల్ డ్యూటీ రాత్రి రెండు దాకా చేస్తే, ఆ ఒక్క పంచ్ రికార్డు ఆరు నెలల సర్టిఫికెట్‌ని మింగేస్తుంది. ఉద్యోగంలో చేరినప్పుడు హెల్త్ ఫారంలో "ఏ జబ్బూ లేదు" అని టిక్ పెట్టినవాళ్ళ పరిస్థితి వేరు, వాళ్ళు లెటర్ ఇచ్చే ముందే యూనియన్ వాళ్ళనో లాయర్‌నో కలవాలి, కొత్త కాగితంలో మాత్రం జబ్బు నిన్నే మొదలైనట్టు రాయించుకోకూడదు.

ఇన్‌చార్జ్ నోటిమాటగా "సరేలే, వేయనులే" అంటే అది ఆయన ఉన్నంతవరకే. ఆయన మారిపోతే కొత్తాయన రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లో పేరు నొక్కి నైట్ వేసేస్తాడు. అదే రోజు "మీరు ఈరోజు చెప్పినట్టు ఫలానా తేదీ వరకు ఈ గంటల్లో డ్యూటీ ఉండదని అర్థం చేసుకున్నాను" అని హెచ్చార్‌కి కాపీ పెట్టి ఒక మెయిల్ పంపేయాలి. కుదరదంటే ఎందుకు కుదరదో కూడా రాసి ఇవ్వమని మర్యాదగా అడగాలి, మనుషులు లేక కుదరట్లేదా, సర్టిఫికెట్ చాలట్లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి అడుగు మారుతుంది. సర్టిఫికెట్ చాలట్లేదంటే కంపెనీ తరఫు డాక్టర్‌తో పరీక్ష చేయించమని తనే అడగొచ్చు, దాచడానికి ఏమీ లేదని అదే చెప్తుంది.

ఆరు నెలలు అయ్యేలోపు, ఆఖరి రోజు దాకా ఆగకుండా రెండు మూడు వారాల ముందే, మళ్ళీ డాక్టర్ దగ్గరికి అదే పేజీతో వెళ్ళాలి. ఈసారి సర్టిఫికెట్‌లో ఒక కొత్త వాక్యం చేరుతుంది, నైట్స్ ఆపాక ఈ ఆరు నెలల్లో సమస్య తిరగబెట్టలేదు అని. కొంతమంది హెచ్చార్‌వాళ్ళు దాన్నే తిప్పి "అయితే తగ్గిపోయిందిగా, ఇక నైట్స్ వేద్దాం" అంటారు, కాబట్టి ఆ వాక్యం వెంటనే "ఇది పరిమితి పాటించడం వల్లే, పరిమితి కొనసాగాలి" అని కూడా అక్కడే రాయించుకోవాలి.